పన్నెండు నెలలు, పన్నెండు మాటలు: టార్గెట్ బోర్డు మీద ఏం రాయాలి?

ఏ సేల్స్ ఆఫీసులోకి వెళ్లినా గోడకు ఒక తెల్లబోర్డు కనిపిస్తుంది. గళ్లలో పేర్లు, పక్కన అంకెలు, అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో ఒక ఉత్సాహపు మాట ఉంటాయి. ‘కష్టపడితే సాధించలేనిది లేదు’ అనో, ‘గెలుపు మనదే’ అనో ఉంటుంది ఆ మాట. రాసిన రోజు అందరూ చదువుతారు. పది రోజులు తిరిగేసరికి ఆ మాట గోడలో కలిసిపోతుంది.

కలిసిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. ఉదయం మీటింగులో అందరినీ బోర్డు వైపు వీపు పెట్టి నిలబడమని, పైన ఏం రాసి ఉందో చెప్పమనండి. ఆరుగురిలో నలుగురు తడుముకుంటే ఆ మాట పని అయిపోయినట్టే. మారకుండా ఒకేచోట ఉండే దాన్ని కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. దీనికి విరుగుడుగా చాలామంది మేనేజర్లు నెలకో కొత్త సూక్తి వెతుకుతారు. కానీ మాట మారినా భావం మారకపోతే ఫలితం అదే. ‘గెలుపు మనదే’ పోయి ‘విజయం మన సొంతం’ వస్తే సేల్స్‌మన్‌కి కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఏడాది పొడవునా బోర్డు మీది మాట తాజాగా ఉండాలంటే అది చెప్పే పని నెలనెలా మారాలి. అమ్మకంలో ఒక్కో నెల ఒక్కోచోట బండి ఆగుతుంది. ఎక్కడ ఆగిందో కనిపెట్టి, దాన్ని కదిలించే ఒక్క పనిని చిన్న వాక్యంగా రాస్తే ఆ మాటకు ఆ నెలంతా ప్రాణం ఉంటుంది. బండి అన్నాం కాబట్టి బండ్ల షోరూమునే ఉదాహరణగా తీసుకుందాం. పత్తి, మిర్చి పండే ప్రాంతంలో, మార్కెట్ యార్డు ఉన్న ఒక పట్టణంలో టూవీలర్ షోరూము ఉందనుకుందాం. అందులో ఆరుగురు సేల్స్‌మన్‌లు. మామూలు నెలలో 120 బండ్ల డెలివరీ.

‘బాగా చేయండి’ అంటే ఎంత?

పనిలో లక్ష్యం గురించి బాగా లోతుగా పరిశోధించినవారు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్. లేథమ్, జేమ్స్ బాల్డెస్ కలిసి 1975లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలోని ఓక్లహోమాలో అడవి నుంచి దుంగలు మోసే లారీలు చట్టం అనుమతించిన బరువులో సుమారు 60 శాతమే ఎత్తుకుని వెళ్లేవి. అప్పటిదాకా డ్రైవర్లకు ఉన్న ఆదేశం ‘మీ శక్తి మేరకు చేయండి’ అనే. దాని బదులు ‘94 శాతం నింపండి’ అని స్పష్టమైన అంకె ఇచ్చారు. కొద్ది నెలల్లోనే లోడు 90 శాతం దాటింది. లారీలూ డ్రైవర్లూ పాతవే. మారింది వాళ్లకిచ్చిన మాట ఒక్కటే.

అయితే ఆ డ్రైవరుకి లోడు తన చేతిలో ఉంది. ఇంకో నాలుగు దుంగలు ఎక్కించాలా వద్దా అన్నది అతను అక్కడికక్కడే తేల్చుకోగలడు. షోరూములో సేల్స్‌మన్‌కి డెలివరీ అంతగా చేతిలో లేదు. కస్టమర్ ఇంట్లో మాట కుదరాలి, ఫైనాన్స్ కంపెనీ లోన్ పాస్ చేయాలి, అడిగిన రంగు స్టాకులో ఉండాలి. అందుకే ‘ఈ నెల 120’ అన్న అంకె బోర్డు అడుగున ఉండొచ్చు. పైన రాసే మాట మాత్రం సేల్స్‌మన్ ఈరోజు తన చేతులతో చేయగలిగిన పని గురించి ఉండాలి. ఫోన్ చేయడం, టెస్ట్ రైడ్ ఇవ్వడం, ఇంటికి వెళ్లడం, పాత బండికి ధర కట్టి చెప్పడం అలాంటివి.

నాణ్యత గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ అసలు నినాదాలే వద్దన్నాడు. యాజమాన్యాలకు ఆయన చెప్పిన 14 సూత్రాల్లో పదోది అదే. పనిలో తలెత్తే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వ్యవస్థలోనే ఉంటాయని, వాటిని సరిచేయకుండా పనివాడికి గోడ మీద హితబోధ చేస్తే అతనికి కోపమే మిగులుతుందని ఆయన వాదన. షోరూములో ఇది రోజూ కనిపించేదే. అందరూ అడిగే మోడల్ మూడు వారాలుగా స్టాకులో లేదు, బోర్డు మీద మాత్రం ‘అసాధ్యం అన్నది లేదు’ అని ఉంది. ఆ మాట చూసి సేల్స్‌మన్‌కి నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది. కాబట్టి మాట రాసేముందు ఆగింది ఎక్కడో చూడాలి. స్టాకు దగ్గర ఆగితే కదలాల్సింది మేనేజరు. అప్పుడు బోర్డు మీద ఉండాల్సింది ‘ఫలానా మోడల్ 12వ తేదీకి వస్తుంది’ అనే వార్త.

ఒక ఆషాఢం లెక్క

ఏడాదిలో సేల్స్‌మన్‌కి బరువుగా నడిచే నెల ఆషాఢం. కొత్త బండి ఇంటికి తేవడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. మన షోరూములో కిందటి ఆషాఢం రిజిస్టరు తీశామనుకుందాం. ఎంక్వైరీలు 400, డెలివరీలు 70. మామూలుగా మేనేజరు చూపు ఆ 70 దగ్గరే ఆగుతుంది. చూడాల్సింది మిగిలిన 330 మందిని.

ఆ 330 పేర్ల ఎదుట రిమార్క్స్ గడి చదివితే దాదాపు 140 చోట్ల ఒకే మాట కనిపించింది: ‘శ్రావణంలో చూస్తామన్నారు’. వద్దన్నవాళ్లు కారు వీళ్లు, ఆగమన్నవాళ్లు. మరి శ్రావణం వచ్చాక వీళ్లకు ఫోన్ వెళ్లిందా? 140లో 90 పేర్లకు రెండో ఫాలోఅప్ తేదీయే లేదు. శ్రావణంలో కొత్తగా వచ్చినవాళ్ల రద్దీలో పాతవాళ్లను మరిచిపోయారు. ఆ 90 మందిలో కొందరు పక్క షోరూములో కొనే ఉంటారు.

ఇప్పుడు ఆగిందెక్కడో తెలిసింది. ఆషాఢంలో లోటు పడింది ఉత్సాహానికి కాదు, తేదీకి. ‘శ్రావణంలో చూస్తాం’ అన్నవారి దగ్గర మోడల్, రంగు, డెలివరీ రోజు మాట్లాడుకుని, వెయ్యో రెండు వేలో అడ్వాన్సు తీసుకుంటే ఆ కస్టమర్ మన దగ్గర నిలుస్తాడు. ఈ ఏడాదీ అలాంటివారు 140 మంది వస్తారనుకుంటే సేల్స్‌మన్‌కి 23 మంది. పాతిక పనిరోజుల్లో రోజుకు ఒకరు. పెద్ద బరువేం కాదు. సగం మంది ఒప్పుకున్నా శ్రావణం మొదటి రోజుకే చేతిలో 70 బుకింగులుంటాయి.

ఇంత చూశాక బోర్డు మీద మాట దానంతటదే వస్తుంది:

‘ఆషాఢంలో అడ్వాన్సు, శ్రావణంలో తాళం. రోజుకొకరి తేదీ ఖాయం.’

మాటతో పాటు కింద గళ్లు కూడా మారాలి. ఈ నెలకు డెలివరీ గడి పక్కన మూడు కొత్త గళ్లు గీయాలి: శ్రావణం అన్నవారు, తేదీ చెప్పినవారు, అడ్వాన్సు ఇచ్చినవారు. పైన ఒక పని రాసి కింద మరో పనిని లెక్కపెడితే జట్టు కిందిదాన్నే నమ్ముతుంది. ఇన్సెంటివ్ విషయంలోనూ అంతే. డెలివరీ అయితేనే డబ్బు, అడ్వాన్సుకి ఏమీ లేదంటే, పది రోజుల తర్వాత ఎవరూ అడ్వాన్సు అడగరు. డెలివరీకి ఇచ్చే ఇన్సెంటివ్‌లో ఒక చిన్న భాగాన్ని అడ్వాన్సు రోజునే ఇస్తే మాటకు బలం వస్తుంది. కస్టమర్ మనసు మారితే అడ్వాన్సు తిరిగి ఇస్తామని రసీదు మీదే రాసివ్వాలి. లేకపోతే శ్రావణంలో తాళాలకు బదులు తగాదాలు మిగులుతాయి.

వారం మారితే అంకె మారాలి

పై మాట నెలంతా ఉండొచ్చు. దాని కింద అంకెతో రాసే చిన్న వాక్యం మాత్రం వారానికోసారి మారాలి. ఎలా మార్చాలన్నదానికి మిన్‌జంగ్ కూ, ఆయెలెట్ ఫిష్‌బాక్ 2012లో ప్రచురించిన పరిశోధన మంచి దారి చూపింది. లక్ష్యం వైపు నడిచే మనిషికి, అయిన భాగం, మిగిలిన భాగం ఈ రెంటిలో ఏది చిన్నదో దాన్ని చూపిస్తే ఉత్సాహం నిలుస్తుందని వాళ్లు చెప్పారు. చిన్న అంకె పక్కన ఒకటి కలిసినా, ఒకటి తగ్గినా తేడా కంటికి కనిపిస్తుంది.

మన షోరూములో 8వ తేదీకి 22 బండ్లు వెళ్లాయనుకుందాం. ‘ఇంకా 98’ అని రాస్తే ఎవరికైనా నీరసమే. ‘22 ఇళ్లకు బండి చేరింది’ అని రాయాలి. రేపు అది 25 అయితే అందరికీ తెలుస్తుంది. అదే 24వ తేదీకి 103 అయితే అప్పుడు ‘103 అయ్యాయి’ అనడం జోకొట్టడమే. ‘ఇంకా 17’ అని రాయాలి. సాయంత్రానికి 15 అవుతుంది. నెల మధ్యలో, 60 దాటిన రోజున, లెక్క ‘అయినవి’ నుంచి ‘మిగిలినవి’కి మారాలి. ఆ మార్పు బోర్డు మీద చేసే పని మేనేజరు కాకుండా ఆ రోజు డెలివరీ ఇచ్చిన సేల్స్‌మన్ చేస్తే మరీ మంచిది.

ఏడాది బోర్డు

సేల్స్ లెక్క ఏప్రిల్‌తో మొదలవుతుంది కనుక అక్కడి నుంచే చూద్దాం. ఇవి ఈ షోరూముకి సరిపోయే మాటలు. మీ వ్యాపారంలో ఆగే చోటు వేరైతే మాటా వేరవుతుంది.

ఏప్రిల్: ‘యార్డు గేటు దగ్గర మన బండి, మన మనిషి.’ మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులివి. రైతు షోరూముకి వచ్చేదాకా ఆగకుండా మనమే ఎదురెళ్లాలి.

మే: ‘ముహూర్తం వాళ్లది, వేళ తప్పని పూచీ మనది.’ పెళ్లిళ్ల సీజన్‌లో బండి ఆలస్యమైతే ఆ బంధువుల్లో ఒక్కరూ మళ్లీ మన గడప తొక్కరు.

జూన్: ‘నడిపేది ఆమె, వివరాలు ఆమెకే చెబుదాం.’ కాలేజీలు తెరిచే నెలలో స్కూటర్ కోసం తండ్రీకూతుళ్లు వస్తారు. సేల్స్‌మన్ తండ్రితోనే మాట్లాడి పంపేస్తాడు. టెస్ట్ రైడ్ అడగకుండానే ఆ అమ్మాయి వెళ్లిపోతుంది.

జులై: ‘ఆషాఢంలో అడ్వాన్సు, శ్రావణంలో తాళం.’

ఆగస్టు: ‘శుక్రవారం రద్దీ గురువారం రాత్రికే తీరాలి.’ శ్రావణ శుక్రవారం ఒక్కరోజే పదిహేను, ఇరవై డెలివరీలు పడతాయి. బండి తనిఖీ, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కాగితాలు ముందురోజే పూర్తి కావాలి.

సెప్టెంబరు: ‘సర్వీసుకొచ్చిన పాత బండికి ఒకసారి ధర కట్టి చూపిద్దాం.’ పితృపక్షంలో కొత్తవాళ్లు రారు. సర్వీసు షెడ్డులోకి మాత్రం రోజూ పాత కస్టమర్లు వస్తూనే ఉంటారు. దసరాకి ఎక్స్ఛేంజ్ చేసేది వాళ్లే.

అక్టోబరు: ‘వచ్చినవారికి రెండు నిమిషాల్లో కుర్చీ, నీళ్లు, మనిషి.’ దసరా రద్దీలో ఎంక్వైరీలకు కొరత లేదు. పలకరించేవారు లేక వెనక్కి వెళ్లేవారే నష్టం.

నవంబరు: ‘పండక్కి కొననివారి జాబితా మన దగ్గరే ఉంది.’ బండి ఎవరూ అడగడం లేదనిపించే నెలలో నెల కిందటి రిజిస్టరే పెద్ద ఆస్తి.

డిసెంబరు: ‘ఈ ఏడాది బండితో ఎంత మిగులుతుందో రాసి చూపిద్దాం.’ ఇంకో నెలాగితే కొత్త ఏడాది మోడల్ వస్తుందని కస్టమర్ ఆగుతాడు. అమ్మేటప్పుడు తగ్గే ధర, ఇప్పుడిచ్చే తగ్గింపు రెండూ కాగితం మీద పక్కపక్కన పెడితే అతనే తేల్చుకుంటాడు.

జనవరి: ‘ఊరొచ్చిన కొడుకుతో ఇవాళే మాట్లాడదాం.’ హైదరాబాదులో ఉండే కొడుకు సరేనంటేనే చాలా ఇళ్లలో డౌన్ పేమెంట్ కదులుతుంది. అతను ఊళ్లో ఉండేది సంక్రాంతి నాలుగు రోజులే.

ఫిబ్రవరి: ‘లోన్ రాలేదని ఫైలు మూయొద్దు, రెండో చోటికి ఇవాళే పంపుదాం.’

మార్చి: ‘చేతిలో ఉన్న బుకింగులు ముందు గేటు దాటిద్దాం.’ ఆర్థిక సంవత్సరం చివర కొత్త పేర్ల వేటలో పడి, డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లను మరిచిపోవడం మామూలు.

పన్నెండింట్లో ఎక్కడా గెలుపు, విజయం, శిఖరం లేవు. ప్రతి మాటలోనూ కస్టమర్ ఉన్నాడు, ఒక పని ఉంది. చాలావాటిలో వేళ కూడా ఉంది. పది అడుగుల దూరం నుంచి ఒక్క చూపులో చదవగలిగేంత చిన్నవి. షోరూములో ఎవరూ మాట్లాడని గ్రాంథిక పదం ఒక్కటీ లేదు. రాసేటప్పుడు ఈ కొలతలు సరిచూసుకుంటే చాలు.

క్యాలెండరుని నమ్మి ముందే అచ్చేయొద్దు

పన్నెండు మాటలూ జనవరిలోనే ఫ్లెక్సీ వేయించి పెట్టుకుందామనే ఆశ పుడుతుంది. అక్కడే దెబ్బ తింటాం. మన కొనుగోళ్లు నడిచేది చాంద్రమానంతో, టార్గెట్లు నడిచేది ఇంగ్లిష్ నెలలతో. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి అక్టోబరు 20న వచ్చాయి. రెండు పండగలూ ఒకే టార్గెట్ నెలలో పడ్డాయి. 2026లో దసరా అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న. అంటే ఈ రద్దీ రెండు నెలలకు చీలుతుంది, పై జాబితాలోని నవంబరు మాట డిసెంబరు దాకా జరగాల్సి వస్తుంది.

అధికమాసం వస్తే ఇంకా చిక్కు. 2023లో ఆషాఢం జులై 17తో ముగిసింది. ఆ వెంటనే అధిక శ్రావణం వచ్చి ఆగస్టు 16 దాకా సాగింది. అసలు కొనుగోళ్లు నిజ శ్రావణంలోనే. ఆ ఏడాది ఆగస్టు ఒకటినే ‘శుక్రవారం రద్దీ’ మాట రాసినవాళ్ల బోర్డు పదిహేను రోజులు ఖాళీ షోరూమును వెక్కిరించి ఉంటుంది. 

పంచాంగంలో లేని మార్పులూ ఉంటాయి. 350 సీసీ దాకా ఉన్న టూవీలర్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గిస్తున్నట్టు 2025 సెప్టెంబరు 3న ప్రకటన వచ్చింది. అమలు మాత్రం సెప్టెంబరు 22 నుంచి. ధర తగ్గుతుందని తెలిశాక మధ్యలో కొనేదెవరు? ఆ మూడు వారాలు ఏ ఉత్సాహపు మాటా బండి అమ్మలేదు. అప్పుడు పనికొచ్చే మాట ఒక్కటే: ‘22 తర్వాత ధర ఎంతో ఇవాళే ఫోన్ చేసి చెబుదాం.’ చాక్‌పీసుతోనో మార్కరుతోనో రాసే బోర్డుకి ఆ వీలుంది, ఫ్లెక్సీకి లేదు.

మాట దారి తప్పితే

పదునైన మాటకు ప్రమాదమూ ఉంది. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్ కుటుంబానికి ఎనిమిది ఖాతాలు, కార్డులు అమ్మాలని లక్ష్యం పెట్టింది. ఇంగ్లిష్‌లో ‘ఎయిట్’కి ‘గ్రేట్’ ప్రాసగా కుదరడంతో అదే నినాదమైంది. ఒత్తిడికి తాళలేక ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే వాళ్ల పేర లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అంకె స్పష్టంగానే ఉంది, ప్రాస కూడా బాగుంది. ఆ ఎనిమిదోది కస్టమర్‌కి అవసరమా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు.

షోరూములో ఇది చిన్న రూపంలో జరుగుతుంది. బోర్డు మీద ‘రోజుకు మూడు కొత్త ఎంక్వైరీలు’ అని రాస్తే రిజిస్టరులో బావమరుదుల నంబర్లు, క్లాస్‌మేట్ల నంబర్లు చేరతాయి. పట్టుకోవడం కష్టం కాదు. ఎంక్వైరీలు పెరిగి టెస్ట్ రైడ్లు పెరగకపోయినా, సాయంత్రం ఆరు తర్వాత ఒకే పెన్నుతో వరుసగా పేర్లు పడినా అనుమానించాలి. వారానికి ఐదు నంబర్లకు మేనేజరు స్వయంగా ఫోన్ చేసి ‘మా షోరూముకి వచ్చారా, సరిగా మాట్లాడారా’ అని అడిగితే నిజం తెలిసిపోతుంది. దొంగ పేరు రాసినవాణ్ణి తిట్టేముందు మాటను చూడాలి. ‘మూడు ఎంక్వైరీలు’ బదులు ‘మూడు టెస్ట్ రైడ్లు’ అని ఉంటే బావమరిది వచ్చి బండి నడపాలి కదా.

మాట పనిచేసిందో లేదో తేల్చడానికి నెలాఖరు డెలివరీ అంకెను చూడొద్దు. పండగ వల్లా పెరుగుతుంది, స్టాకు లేకా తగ్గుతుంది. మాట ఏ పని చేయమందో ఆ పనే లెక్కపెట్టాలి. ఆషాఢంలో తేదీ చెప్పినవారెందరు, ఫిబ్రవరిలో రెండో చోటికి వెళ్లిన లోన్ ఫైళ్లెన్ని? బోర్డు తుడిచేముందు ఆ మాట, ఆ లెక్క, ఎందుకు కుదిరిందో కుదరలేదో రెండు వాక్యాలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. వచ్చే ఏడాది ఆషాఢం ఏ తేదీన మొదలైనా ఆ పేజీ తీసి చూస్తే, కొత్త మాట కోసం సూక్తుల పుస్తకం వెతకాల్సిన పని ఉండదు.